బెన్నా తరఫున జవాబు

కార్తేజ్,
మే నెల నడిమి రోజు

అక్క నబీరాకి చెల్లెలు రొగాతా వందనాలతో రాసేది.

ఈ ఉత్తరంతోపాటు మా బెనెనాతా కూడా నీ గుమ్మంలో దిగుతుంది. కంగారు పడకు. రేవు వైపు వీధుల్లో జ్వరాలు మొదలయ్యాయి. నాకేమో నాలుగో నెల, తిన్నది తిన్నట్టు బయటికొస్తోంది. పిల్లని ఈ ఊళ్ళో ఉంచడానికి భయమేసి మా చిన్నత్తగారితో కొండమీదికి పంపిస్తున్నాను. పాలు మాన్పించాను. అంజూరపండ్లంటే ప్రాణం, గింజలు మాత్రం మొహాన ఉమ్ముతుంది. బెన్నా అని పిలిస్తేనే పలుకుతుంది.

ఊరు కిటకిటలాడుతోంది. మీ దొనాతుస్ పక్షం బిషప్పులూ మా కాథొలిక బిషప్పులూ వందల మంది వచ్చి పడుతున్నారు. ఇరుపక్షాల వాదనా విని, ఏది అసలు సంఘమో తేల్చమని చక్రవర్తి ఒక అధికారిని పంపించాడు. నూరేళ్ళ తగువు తేల్చడానికి ఒక్క మనిషి! మాట్లాడింది మాట్లాడినట్టు మైనపు పలకల మీద గీకేవాళ్ళలో మా ఆయన పుల్లేనుస్ కూడా ఉన్నాడు. అప్పుడే కుడిచేతికి నూనె రాయించుకుంటున్నాడు.

సాయంత్రాలు మాత్రం ఆయన మరోచోట. రోము నగరం దోపిడీకి గురయ్యాక పారిపోయి వచ్చిన పెద్దింటివాళ్ళు ఇక్కడ దిగారు కదా, వాళ్ళింట్లో ఒకాయన బోధిస్తాడట. మనిషి తలుచుకుంటే పాపం లేకుండా బతకగలడట. ఆదాము తప్పు ఆదాముదేనట, పసిపిల్లలు ఏ మచ్చా లేకుండా పుడతారట. అందుకని బెన్నాకి బాప్తిస్మం ఇప్పుడే వద్దంటాడు ఈయన. పెరిగి పెద్దదై తన ఇష్టంతో తనే అడగాలట. మా చర్చి గురువుగారేమో కనిపించినప్పుడల్లా తిడుతున్నారు, పసివాళ్ళకైనా పాపక్షమాపణ కోసమే బాప్తిస్మం అని. మధ్యలో నేను.

అక్కా, ఒక్క మాట. నీ సంగతి నాకు తెలుసు. పిల్ల నీ చేతిలో ఉంది కదా అని మీ మిగ్గిన్ బిషప్ గారి చేత బాప్తిస్మం ఇప్పించకు. అలా చేస్తే ఈయన మళ్ళీ నీ గడప తొక్కనివ్వడు. ఒట్టేసి రాయి.

దేవునికి వందనాలు.
రొగాతా

---

తిగిల్లా,
జూన్ నెల మొదటి రోజు

చెల్లెలు రొగాతాకి నబీరా దీవెనలు.

పిల్ల చేరింది. గాడిదని కూడా లోపలికి తీసుకురమ్మని వీధి వీధంతా వినిపించేలా ఏడ్చింది. మన అమ్మ నోరే వచ్చింది దీనికి. మీ చిన్నత్తగారు మాత్రం బంగారం. వచ్చిన రోజే మా ఊరుమ్మడి రొట్టెల పొయ్యి దగ్గర కూర్చుని ఊరి సంగతులన్నీ లాగేసింది. "మీ కాథొలిక గురువు రొట్టె ఎక్కడ కాల్చుకుంటాడు?" అని అడిగిందట. ఇంకెక్కడ, తన ఇంటి బూడిదలోనే. ఈ ఊళ్ళో పుస్తకాలు అప్పగించినవాళ్ళకి మా పొయ్యిలో చోటు లేదు, నీకు తెలియనిదా?

నువ్వు పెళ్ళయ్యాక అన్నీ మరిచిపోయావు, కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. మన ముత్తాతల కాలంలో చక్రవర్తి మనుషులొచ్చి పరిశుద్ధ గ్రంథాలు కాల్చడానికి ఇమ్మన్నప్పుడు మనవాళ్ళు ప్రాణాలిచ్చారు, గ్రంథాలివ్వలేదు. ఇక్కడి కాథొలిక గురువు రుస్తికుస్ ముత్తాతగారు మాత్రం సంచీలో వేసి మరీ ఇచ్చాడు. ఇచ్చినవాడి చేయి మురికిది. ఆ చేయి అభిషేకించిన చేయీ మురికిదే. మురికి చేయి ఇచ్చిన బాప్తిస్మం ఉత్త స్నానం. అందుకే అటునుంచి ఇటు వచ్చేవాళ్ళకి మేము కొత్తగా బాప్తిస్మం ఇస్తాం. ఇందులో అర్థం కానిదేముంది?

ఇక పుల్లేనుస్ వేదాంతం. పిల్ల తన ఇష్టంతో అడగాలా? నిన్న దాని ఇష్టం ఏమిటంటే మేకపెంట నోట్లో పెట్టుకోవడం. నేను లాక్కున్నాను.

సరే, అడిగావు కాబట్టి గ్రంథాలివ్వక ప్రాణమిచ్చిన మన హతసాక్షి సమాధి మీద చేయి పెట్టి ఒట్టేశాను. మా బిషప్ గారి చేత బెన్నాకి బాప్తిస్మం ఇప్పించను. నువ్వు నన్ను అంత నమ్మలేదే అని కడుపు మండింది. అది కూడా రాస్తున్నాను, దాచుకోవడం నాకు చేతకాదు. అయినా ఆయన ఊళ్ళో లేనే లేరు. గురువుల్నీ పరిచారకుల్నీ వెంటబెట్టుకుని మీ కార్తేజ్‌కే ఊరేగింపుగా వచ్చారు. కనిపిస్తే ఎండలో తిరగొద్దని చెప్పు.

దేవునికి స్తుతి.
నబీరా

---

కార్తేజ్,
జూన్ నెల, రెండోవారం

అక్కా, వందనాలు.

ఒట్టు పెట్టావు, నా గుండె చల్లబడింది. నమ్మక కాదే. నీ మంచితనానికే నేను భయపడేది.

సభ అయింది. స్నానశాల పెద్ద హాల్లో పెట్టారు, అంత జనం ఇంకెక్కడ పడతారు! ఈయన చెప్పినదంతా రాస్తాను, నవ్వుకో. మొదటిరోజు అధికారి "కూర్చోండి" అన్నాడట. మీవాళ్ళు "దుష్టులతో కలిసి కూర్చోం, అలా కూర్చోకూడదని కీర్తనలో ఉంది" అని నిలబడ్డారు. అధికారి మర్యాదస్తుడు, "అయితే నేనూ నిలబడతాను" అని లేచాడు. రాసేవాళ్ళకి మాత్రం కూర్చోక తప్పదు కదా. అంతమంది పెద్దలు నిలబడి ఉంటే తాను కూర్చుని పలక గీకుతూ సిగ్గుతో చచ్చిపోయానన్నాడు ఈయన.

తర్వాత వాదన ఏమైనా జరిగిందా? ముందు సంతకాల తనిఖీ! లేనివాళ్ళ పేర్లు కూడా కలిపారని మీవాళ్ళు అనుమానపడ్డారు. ఒక్కొక్క బిషప్పునీ పేరు పెట్టి పిలవడం, ఆయన ముందుకు రావడం, అదే ఊరి అవతలిపక్షం బిషప్ వచ్చి "ఈయన్ని ఎరుగుదును" అనడం. కొందరు ఎరుగుదును అంటూనే "నా చర్చిని లాక్కున్నది ఈయనే" అని కలిపారు. అదీ రాయాల్సిందే. మీ మిగ్గిన్ గారి వంతు వచ్చింది. "తిగిల్లాలో నాకు ఎదురు బిషప్ లేడు!" అని గర్జించారట. వెనకనుంచి మావాడెవడో "గురువు ఉన్నాడుగా" అన్నాడు. "ఉన్నాడు, నేనెరుగుదును" అన్నారట మిగ్గిన్ గారు కిందకి చూస్తూ. మాట పలకెక్కింది కాబట్టి ఇక తుడవడానికి లేదు.

చివరిరోజు అసలు విషయం. ఒకరి మచ్చ మరొకరికి అంటుతుందా? బాప్తిస్మం ఇచ్చేవాడిదా, క్రీస్తుదా? మావాళ్ళు పాత పత్రాలు తీసి చదివారు. మొదట్లో పుస్తకాలు అప్పగించారని మిగతావాళ్ళని వేలెత్తి చూపిన మీ పెద్దల్లోనే కొందరు, తామూ అప్పగించామని ఒకరి ముందొకరు ఒప్పుకున్నారట. అక్కా, ఇది చదివి దీపం విసిరికొట్టకు. తీర్పు మాకే వచ్చింది. మీవాళ్ళు చక్రవర్తికే చెప్పుకుంటామంటున్నారు.

మీ బిషప్ గారికి ఒక బుట్టెడు అంజూరాలు పంపాను. మా ఇంటివి కాబట్టి ముట్టరనుకున్నా. బుట్ట ఖాళీగా వెనక్కొచ్చింది.

దేవునికి వందనాలు.
రొగాతా

---

కార్తేజ్,
జులై నెల, మొదటివారం

నబీరా,

అక్కా అని రాయడానికి చేయి రావడం లేదు.

మీ ఊరి నూనెబండి అతను నిన్న వచ్చాడు. నవ్వుతూ "మీ పాపకి బాప్తిస్మం అయిందట కదమ్మా, మీ అక్కగారే దగ్గరుండి ఇప్పించారు" అన్నాడు.

సమాధి మీద చేయి పెట్టి వేసిన ఒట్టు ఇదేనా? మీ బిషప్ ఊళ్ళో అడుగు పెట్టాడో లేదో పిల్లని ఎత్తుకు పరిగెత్తావా? ఏమనుకున్నావు, మేము ఓడిపోయామని ఏడుస్తామనా? మా గురువుగారిని అడిగాను. ఆయన నవ్వేశారు. "దొనాతుస్ పక్షంవాడు ఇచ్చినా అది బాప్తిస్మమే అమ్మా. త్రిత్వం పేరున ఇచ్చాక ఇచ్చినవాడి చేయి మేం చూడం. సైనికుడికి వేసిన రాజముద్ర, ఎవడు వేసినా రాజుదే. మళ్ళీ ఇవ్వం, తీసెయ్యం" అన్నారు. కాబట్టి నీళ్ళ గురించి కాదు నా ఏడుపు. నీ మాట గురించి.

పుల్లేనుస్ తిండి మానేశాడు. "నా కూతురి ఇష్టాన్ని దొంగిలించారు. ఎవరైనా దాన్ని అడిగారా?" అంటున్నాడు. మంచి మనిషి, కోపంలో కూడా నిన్నొక్క చెడ్డమాట అనలేదు. మీ అక్కతో రాకపోకలు చాలని మాత్రం అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు.

కోతలవగానే పిల్లని పంపించెయ్యి.

రొగాతా

---

తిగిల్లా,
జులై నెల, చివరివారం

పిచ్చిపిల్లా,

కూర్చుని చదువు. మొదటి సంగతి, బెన్నా నిక్షేపంలా ఉంది. ఇప్పుడే నా సిరాలో వేలు పెట్టింది, ఈ మచ్చ దానిదే.

రెండో సంగతి, నేను ఒట్టు తప్పలేదు. మా బిషప్ గారి చేత ఇప్పించనన్నాను. ఇప్పించలేదు. ఇచ్చినవాడు మీ రుస్తికుస్.

ఇప్పుడు మొదటినుంచీ విను. పిల్లకి జ్వరం వచ్చింది. కొండగాలి అనుకున్నాను. మూడోపూటకి కళ్ళు తేలేసి కాళ్ళూచేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టింది. మీ చిన్నత్తగారు తల బాదుకుంటూ "బాప్తిస్మం లేకుండా పోతుందే" అని ఒకటే ఏడుపు. మా బిషప్ గారు ఇంకా దారిలోనే. మా పక్షంలో ఊళ్ళో మిగిలిన ఒక్క గురువూ కోతల దీవెనకని అవతలి పొలాలకి వెళ్ళాడు. పిల్లని భుజాన వేసుకుని వీధిలోకొచ్చాను. ఎటు వెళ్ళాలో తెలియలేదు, కాళ్ళే వెళ్ళాయి. పుట్టి బుద్ధెరిగాక తొక్కని గుమ్మం అది.

రుస్తికుస్ పప్పు తింటున్నాడు. నన్ను చూసి నోట్లో ముద్ద మర్చిపోయాడు. "బాప్తిస్మం ఇయ్యి" అన్నాను. వాడు, ఎంత పొగరో చూడు, "అక్కా, నా నీళ్ళు ఉత్త నీళ్ళని ఊరంతా చెప్పేది నువ్వే కదా?" అన్నాడు. "అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఇయ్యరా!" అని అరిచాను. పప్పు గిన్నె తోసి లేచాడు. ఉప్పు నాలుక మీద పెట్టి, మొహం మీద ఊది సైతానుని పొమ్మని, నీళ్ళ దగ్గరికి తెచ్చాడు. అక్కడ ఆగాడు.

"బెనెనాతా దేవుణ్ణి నమ్ముతోందా?"

పిల్ల తరఫున జవాబు చెప్పాల్సింది ఎత్తుకున్నవాళ్ళు. అంటే నేను. మీ ఆయన అడిగాడు కదా, ఎవరైనా దాన్ని అడిగారా అని. అడిగారు. నన్నడిగారు. ఏమనాలి? అబద్ధపు గుడిలో, మురికి చేతి ముందు అని అనుకుంటూ "నమ్ముతోంది" అనడానికి నోరు రాదు. మాట అనకపోతే వాడు ఇవ్వడు. పిల్ల ఒళ్ళు నా చేతుల్లో కాలుతోంది. "నమ్ముతోంది" అన్నాను. అన్నాక తెలిసింది, నేను నిజంగానే అన్నానని. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనలేదే రొగాతా. అంత నిజంగా నా తరఫున కూడా ఎప్పుడూ అనలేదు. మూడుసార్లు ముంచాడు. కెవ్వుమంది. ఆ కేక విని రుస్తికుస్, నేను, ఇద్దరం ఏడ్చాం. తెల్లారేసరికి జ్వరం దిగింది. అది నీళ్ళవల్లో, మీ చిన్నత్తగారి కషాయంవల్లో నేను చెప్పలేను.

ఇక అసలు తంటా ఇప్పుడు మొదలైంది. మిగ్గిన్ గారు తిరిగొచ్చారు. ఎండకి నల్లబడి, ఓటమికి చిక్కిపోయి వచ్చారు. సంగతి విని "ఏం పర్వాలేదమ్మా, అది ఉత్త స్నానమే కదా. ఆదివారం తీసుకురా, అసలుది ఇస్తాను" అన్నారు. రెండునెలల కింద ఈ మాటకి నేను గంతులేసేదాన్ని.

"వద్దండీ" అన్నాను.

"వద్దా?"

"అది ఉత్తదైతే నేనన్న మాట కూడా ఉత్తదే. ఆ మాట ఉత్తది కాదండీ."

మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పొయ్యి దగ్గర నా పిండిముద్దని పక్కకి తోశారు. ఇంట్లో బూడిదలో కాల్చుకుంటున్నాను. సగం మాడుతోంది. రుస్తికుస్ గోడమీదనుంచి ఎలా కాల్చాలో చెబుతున్నాడు, వాడికి ఇరవై ఏళ్ళ అనుభవం!

పిల్లని పంపమంటే పంపుతాను. అక్కా అని రాయకుండా మాత్రం ఇంకెప్పుడూ ఉత్తరం రాయకు.

నబీరా

---

కార్తేజ్,
నవంబరు నెల, నడిమివారం

అక్కా, అక్కా, అక్కా!

మూడుసార్లు రాశాను, పాతబాకీ తీరిందనుకో. నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది, ఆపైన కాన్పు, అందుకే జవాబు ఇప్పుడు. నీ ఉత్తరం చదివి నవ్వుతూ ఏడుస్తుంటే పుల్లేనుస్ భయపడ్డాడు. చేతికిచ్చాను. కళ్ళు తేలేసిందన్న చోట ఆగిపోయాడు. పిల్ల బాగానే ఉందని నీ మొదటి వరసలోనే ఉంది, అది చదివాడు కూడా. అయినా ఉత్తరం కింద పడేసి, చెప్పులు లేకుండా మా గురువుగారి దగ్గరికి పరిగెత్తి, "నా కూతురికి బాప్తిస్మం అయినట్టే కదండీ? ఏ లోటూ లేదు కదండీ?" అని చేతులు పట్టుకుని అడిగాడట. పసిపిల్లలకి ఏ అవసరమూ లేదన్న మనిషి! మనిషి తలుచుకుంటే ఏదైనా చేయగలడన్న మనిషి ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఇంటికొచ్చాక అడిగాను, "మీ ఇష్టం మీ మాట వినలేదా?" అని. దులపరించుకుని పలకలు తీసుకుపోయాడు.

ఇంకో సంగతి. ఆ రోమువాళ్ళింట్లో బోధించే ఆయనే ఇక్కడ గురువు పదవి అడిగాడు. ఆయన బోధ మీద ఫిర్యాదు పడి బిషప్పులు విచారించారు. రాయడానికి మళ్ళీ ఈయనే. ఆదాము పాపం ఆదామొక్కడికే హాని చేసిందా అని అడిగితే ఆయన "దీనిమీద గురువుల్లోనే వేర్వేరు మాటలు విన్నాను, ఇంకా తేలని ప్రశ్న ఇది" అన్నాడట. పసివాళ్ళ సంగతి అడిగితే "వాళ్ళకి బాప్తిస్మం అవసరమని నేనూ అంటూనే ఉన్నాను, ఇంకేం కావాలి?" అన్నాడట. వాళ్ళకి ఇంకా కావాలి, దేనికోసం అవసరమో చెప్పమన్నారు. చెప్పలేదు. వెలివేశారు, ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఈయన రెండురోజులు ముభావంగా ఉన్నాడు. "తెలివైనవాడే రొగాతా. కానీ ఎప్పుడూ ఏ పిల్లనీ జ్వరంలో ఎత్తుకోలేదేమో" అన్నాడు.

ఇంకా ఇష్టాన్ని పూర్తిగా వదల్లేదులే. "మీ అక్క నమ్ముతోంది అంది కదా, అది ఆవిడ ఇష్టం కాదా? అనకపోవచ్చు కదా!" అంటాడు. నేనంటాను, "కాళ్ళే తీసుకెళ్ళాయని రాసింది కదా." ఇలా రోజూ. చిన్నవాడు పుట్టాడు, మా ఇద్దరి మధ్యా పడుకుని వింటున్నాడు. వాడికి బాప్తిస్మం అయింది. తొలివారంలోనే. తీసుకెళ్ళింది వాళ్ళ నాన్నే.

చలికాలంలో దారి బాగుండదు. ఈస్టరు దాకా బెన్నాని నీ దగ్గరే ఉంచుకో. రాకపోకలు చాలన్న మాట వెనక్కి తీసుకున్నానని రాయమన్నాడు. తన చేత్తోనే రాయమన్నాను. కింద చూడు, ఎంత చిన్న అక్షరాలో.

దేవునికి వందనాలు.
రొగాతా

వదినగారికి క్షమాపణలతో, పుల్లేనుస్.

---

తిగిల్లా,
ఏప్రిల్ నెల, ఈస్టరు తర్వాతి వారం

చెల్లెలు రొగాతాకి, సిగ్గుపడే మరిదికి, ఇంకా చూడని చిన్నవాడికి నబీరా దీవెనలు.

ఇక్కడ చాలా జరిగింది. చలి తగ్గగానే ఒక అధికారి, నలుగురు సైనికులు వచ్చారు. చక్రవర్తి ఆజ్ఞ చదివారు. మన పెద్ద చర్చి కాథొలికలకి అప్పగించాలి. ఐక్యతకి రానివాళ్ళకి శిక్ష. పుల్లేనుస్‌కి చెప్పు, ఇష్టం ఇష్టం అని ఆ పెద్దింట్లో అంత మాట్లాడుకున్నారు, ఆ సైనికుడు మాత్రం నా ఇష్టం ఏమిటని అడగలేదు. ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతోంది. బాప్తిస్మం క్రీస్తుదే అని మీవాళ్ళు గెలిచారు కదా, మరి ఆయన పనికి బల్లెంవాడు దేనికి?

అయితే ఆజ్ఞలో ఇంకోమాట ఉంది, మీ బిషప్పులు సభకి ముందే రాసిచ్చినదట. అవతలిపక్షం బిషప్ ఐక్యతకి వస్తే ఆయన పదవి ఆయనదే. రెండు పక్షాల బిషప్పులూ ఉన్న ఊళ్ళో వంతులవారీగా పంచుకోవాలి. తిగిల్లాలో మీకు బిషప్ లేడు. అంటే మిగ్గిన్ గారు వస్తే ఆయనే బిషప్, రుస్తికుస్ ఆయన కింద! ఈ లెక్క విని రుస్తికుస్ మొహం చూడాలి. "గెలిచింది మేమే కదా?" అని ఇద్దరు ముగ్గుర్ని అడిగాడు పాపం.

మిగ్గిన్ గారు చర్చి తాళంచెవులు బల్లమీద పెట్టి ఇంటికెళ్ళిపోయారు. వస్తాననీ లేదు, రాననీ లేదు. మా ఆడవాళ్ళు ఉప్పునీళ్ళు సిద్ధం చేసుకున్నారు, కాథొలికలు తొక్కిన నేలని చర్చి ఎప్పుడు తిరిగి చేతికొస్తే అప్పుడు కడగాలని. నన్ను పిలవలేదు. ఒకప్పుడు ఆ కడవ మొదట ఎత్తేది నేనే.

వారం తర్వాత ఆయన మా గుమ్మంలోకి వచ్చారు. కూర్చోమంటే కూర్చున్నారు. చాలాసేపు బెన్నాని చూశారు. అది ఆయన గడ్డం పట్టుకుని లాగింది.

"నబీరా, ఆరోజు జవాబు చెప్పింది నువ్వేనా?"

"నేనేనండీ."

"వాడి ముందు?"

"వాడి ముందే. కానీ వాడికి కాదు."

ఆయన బెన్నా గుప్పిట్లోంచి గడ్డం విడిపించుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "నిన్ను నీ చిన్నప్పటినుంచీ ఎరుగుదును. నా ముందు ఒక్క అబద్ధం ఆడలేదు. చేయి ఎవరిదన్నది నేను వాదించగలను. కార్తేజ్‌లో మళ్ళీ సభ పెట్టినా వాదిస్తాను. కానీ నీ మాటని ఉత్తదనడానికి నాకు నోరు రావడం లేదు. నీ మాట ఉత్తది కాకపోతే ఆ నీళ్ళూ కావు. నీళ్ళూ ఉత్తవి కాకపోతే నేనీ గోడ ఇవతల నిలబడి చేసేదేముంది?"

"చక్రవర్తి చెప్పాడని వెళ్ళకండి" అన్నాను.

"వాడి మొహం! వాడెవడు నాకు చెప్పడానికి!" అని లేచారు.

ఈస్టరు ముందురోజు సాయంత్రం ఆయన ఆ చర్చిలోకి తనంతట తాను నడిచివెళ్ళారు. సైనికులు వెళ్ళిపోయాక వెళ్ళారు, అది ఊరంతా చూసింది. సగం మంది ఆయన వెంట వచ్చారు. సగం మంది రాలేదు, వాళ్ళనీ నేనేమీ అనను. కన్నీళ్ళతో బయటే నిలబడ్డారు కొందరు, నా పిండిముద్ద తోసిన ఆవిడ కూడా. మర్నాడు నేనే వెళ్ళి పలకరించాను. నా రొట్టె మాడిందని నవ్వింది, పొయ్యి దగ్గర చోటిచ్చింది.

బాప్తిస్మాల వేళకి బెన్నా నా చంకలో ఉంది. కొత్తగా పుట్టిన ఓ కుమ్మరివాళ్ళ బిడ్డని తెచ్చారు. మిగ్గిన్ గారు నీళ్ళ దగ్గర, పక్కన నూనె పట్టుకుని రుస్తికుస్. ఒకరి మొహం ఒకరికి ఇంకా అలవాటు కాలేదు. మిగ్గిన్ గారు అడిగారు, "ఈ బిడ్డ దేవుణ్ణి నమ్ముతోందా?"

కుమ్మరి భార్య నోరు తెరిచేలోపు, మా బెన్నా నా చంకలోంచి చర్చి కప్పు ఎగిరేట్టు అరిచింది:

"నమ్ముతోంది!"

మొదట నవ్వింది మిగ్గిన్ గారే. ఆయన అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత రుస్తికుస్, చేతిలో నూనె ఒలికేంతగా. తర్వాత ఊరు.

పుల్లేనుస్‌ని అడుగు, అది దాని ఇష్టమా, దేవుడిచ్చిన మాటా, లేక నా దగ్గర నేర్చుకున్న చిలకపలుకా అని. తేల్చి రాసి పంపమను. నాకు మాత్రం దాన్ని మరొక్కసారి అనమని అడగడానికి కూడా తోచలేదు, గట్టిగా ముద్దు పెట్టుకున్నాను.

వచ్చేవారం పిల్లని తీసుకుని నేనే బయల్దేరుతున్నాను. మీ ఇంట్లో తింటాను.

నబీరా